దినఫలాలు గారికి, సైకాలజీ క్లబ్ తరఫున

మహారాజశ్రీ దినఫలాలు గారికి,

హైదరాబాద్‌లోని ఒక కాలేజీ సైకాలజీ క్లబ్ సభ్యుడు నమస్కరించి రాయునది. ఈ వారం క్లబ్‌లో బార్నమ్ ఎఫెక్ట్ మీద, అంటే ఎవరికైనా సరిపోయే మాటల్ని 'అచ్చం నా గురించే' అనుకునే మన అలవాటు మీద, నేను మాట్లాడాలి. ప్రసంగం ఎలాగూ మీ గురించే కాబట్టి దాన్ని మీకే ఉత్తరంగా రాసి అక్కడ చదివేస్తున్నాను.

ముందుగా మీ పనితనానికి ఒక దండం. నిన్న మా రూమ్మేట్ రాశికి మీరు 'బంధువుల నుంచి ముఖ్య సమాచారం అందుతుంది, ప్రయాణాల్లో స్వల్ప ఆటంకాలు' అని సెలవిచ్చారు. వాడు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాడు. రద్దీకి తలుపు మూసుకోక రైలు కాసేపు ఆగింది. అమీర్‌పేటలో దిగేసరికి ఫ్యామిలీ గ్రూపులో వాళ్ల పిన్ని నుంచి మెసేజ్. అంతే, 'అక్షరాలా జరిగిందిరా' అన్నాడు. ఆ రైల్లో ఉన్నవాళ్లందరికీ అదే ఆటంకం కలిగింది కదా, వాళ్లందరిదీ నీ రాశేనా అని అడిగితే నన్ను నాస్తికుడన్నాడు.

ఇక్కడ కష్టమంతా వాడిది, పేరు మీది. ఆటంకం అంటే ఏమిటో మీరు చెప్పలేదు, వాడే వెతుక్కున్నాడు. మీ వాక్యం ఖాళీ గిన్నె లాంటిది, ఎవరి కూర వాళ్లే వడ్డించుకుంటారు. నిజమని తేలిందే గుర్తుంటుంది. అదే రోజు 'ఆకస్మిక ధనలాభం' అని కూడా రాశారు. ఆ ఊసే వాడు ఎత్తలేదు.

మీ గుట్టు 1948లోనే అమెరికాలో ఒక క్లాసులో బయటపడింది. బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. వారం తర్వాత ఒక్కొక్కరికీ వాళ్ల పేరు రాసిన కాగితం ఇచ్చి, 'ఇది మీ విశ్లేషణ, మీకెంతవరకు సరిపోయిందో సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేయండి' అన్నాడు. సగటున 4.26 వచ్చింది. మా సెమిస్టర్ పేపర్లు దిద్దేవాళ్లు కూడా అంత ధారాళంగా వేయరు. తీరా చూస్తే అందరి కాగితాల్లోనూ ఉన్నవి అవే 13 వాక్యాలు. 'ఇతరులు మిమ్మల్ని ఇష్టపడాలని, మెచ్చుకోవాలని కోరుకుంటారు', 'ఒక్కోసారి కలుపుగోలుగా, ఒక్కోసారి ముభావంగా ఉంటారు' వరస. వాటిలో చాలావరకు ఎక్కడివనుకున్నారు? బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవే. అంటే మీ చుట్టాలే! తర్వాత 1956లో పాల్ మీల్ అనే సైకాలజిస్టు రాసిన వ్యాసంతో ఈ మాయకు సర్కస్ యజమాని పి.టి. బార్నమ్ పేరు స్థిరపడింది.

ఫోరర్ తెలివి చూడండి. అన్నీ పొగడ్తలే రాయలేదు, 'మీ ఆశల్లో కొన్ని వాస్తవానికి దూరంగా ఉంటాయి' అని ఒక చిన్న చురక కూడా పెట్టాడు. ఒట్టి పొగడ్తయితే అనుమానం వస్తుంది. ఒట్టి తిట్టయితే 'ఇది నేను కాదు' అని జనం పక్కన పెట్టేస్తారు. మీరు కూడా అందుకే కదా 'శ్రమాధిక్యం' పక్కనే 'కార్యసిద్ధి'ని కూర్చోబెట్టేది?

మీ అన్నగారు, జాతకం రాసే సిద్ధాంతిగారు, ఇంకో మెట్టు పైన ఉన్నారు. నక్షత్రం, పాదం, పుట్టిన ఊరు, నిమిషాలతో సహా సమయం అడుగుతారు. 1974లో స్నైడర్ అనే పరిశోధకుడు ఒకే ఫలాన్ని జనానికి మూడు రకాలుగా ఇచ్చాడు. కొందరికి ఇది అందరికీ వర్తించేదన్నాడు, కొందరికి పుట్టిన సంవత్సరం, నెల చూసి రాసిందన్నాడు, మిగిలినవాళ్లకు తేదీతో సహా చూశామన్నాడు. వివరాలు ఎక్కువ అడిగినకొద్దీ 'అచ్చం నా గురించే' అన్న నమ్మకం పెరిగింది. రాసిన అక్షరం మాత్రం మారలేదు.

న్యాయంగా మాట్లాడాలంటే, దీంతో జ్యోతిషం అబద్ధమని తేలిపోదు. 'నాకు సరిపోయింది' అన్న మాట సాక్ష్యంగా పనికిరాదని మాత్రమే తేలుతుంది. అడగాల్సింది వేరే ప్రశ్న: పక్కవాడి కంటే నాకు ఎక్కువ సరిపోయిందా?

అది తేల్చడానికి శుక్రవారం మీకు చిన్న పరీక్ష పెడుతున్నాం. ముందురోజు ఫలాలు పన్నెండూ కత్తిరించి, రాశుల పేర్లు తీసేసి, కలిపేసి ఇస్తాం. ముందే చదివినవాళ్లను పక్కన కూర్చోబెడతాం. ఎవరి రోజు ఎలా గడిచిందో చూసుకుని తమ ఫలం ఏదో ఏరుకోవాలి. గుడ్డిగా ఏరినా పన్నెండు మందిలో ఒకరికి తగులుతుంది కాబట్టి 36 మంది వస్తే ముగ్గురు చెప్పగలగడం మామూలే. నలుగురైదుగురు చెప్పినా అదృష్టమే అనుకుంటాం. పదిహేను మంది చెప్పారా, మీకు శాలువా కప్పి, ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి చేస్తాం.

తప్పక రాగలరు. గురువారమే 'ప్రయాణాలు వాయిదా' అని మీకు మీరే రాసుకోకండి.

ఇట్లు,
మీ విధేయుడు, రాశి చెప్పని ఒక పాఠకుడు