కొనడం మానేస్తే తీరే బాధ్యత కాదు
“చవక బట్టలు కొనడం మానేస్తేనే వాటిని కుట్టే కార్మికుల పట్ల మన బాధ్యత తీరుతుంది” అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మాది మక్తల్ దగ్గర పల్లె. మా నాయన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని డ్యాముల పనికి వలస పోయేవాడు. పని ఆగిపోయిన ఏడాది అడ్వాన్సు బాకీ అట్లనే ఉంది, మా ఇంట్లో పొయ్యి మాత్రం ఆరిపోయింది. మనం కొనడం మానేసి పని ఆగిపోతే కుట్టేవాళ్ల ఇంట్లోనూ అంతే. 2013 ఏప్రిల్‌లో ఢాకా దగ్గరి సావర్‌లో రాణా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కూలిపోయి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి. అదే భవనంలోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు, కుట్టుపని చేసేవాళ్లను మాత్రం తెల్లారి మళ్లీ మిషన్ల ముందు కూర్చోబెట్టారు. “ఇవాళ లోపలికి రాను, నా జీతం కోయొద్దు” అనగలిగే బలం వాళ్లకు లేకపోయింది. నేను చొక్కా కొనకపోతే ఆ బలం వస్తుందా? తర్వాతి నెలలో యూనియన్లు, విదేశీ బ్రాండ్లు చేసుకున్న ‘అకార్డ్’ ఒప్పందంతో కొంత వచ్చింది. ఇంజనీర్ల తనిఖీలు, బయటపెట్టిన నివేదికలు, ప్రమాదమున్న చోట పని నిరాకరించే హక్కు అందులో ఉన్నాయి. కొనేవాళ్లు దుకాణాల ముందు నిలదీయడం కూడా బ్రాండ్ల మీద పనిచేసింది. కాబట్టి పేరున్న బ్రాండు కొనేవాళ్లు, ఆ బ్రాండు ఈ ఒప్పందం మీద సంతకం పెట్టిందా, తన బట్టలు కుట్టే ఫ్యాక్టరీల జాబితా ఇచ్చిందా అని అడగాలి. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన అది కార్మికురాలికి చేరదు. ఇక మన్యంకొండ జాతరలో లేబుల్ లేని నూటయాభై రూపాయల గౌను బిడ్డకు కొనే తల్లిని మాత్రం ఈ లెక్క అడగొద్దు.