ఫెయిర్ వాల్యూ గ్యాప్‌లో ఎవరి ఆర్డర్లు ఎదురుచూస్తున్నాయి?

"ఫెయిర్ వాల్యూ గ్యాప్ అంటే పెద్ద సంస్థలు ఆర్డర్లు పూర్తికాక వదిలేసి వెళ్లిన చోటు. పదికి తొమ్మిదిసార్లు ధర అక్కడికి తిరిగి వస్తుంది. కిందే ఆర్డర్ బ్లాక్ కూడా ఉందంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు, కొనేయడమే."

బెంగళూరు మారతహళ్ళిలోని మన తెలుగు ట్రేడర్ల గ్రూపులో ఈ సందేశం, దానికి తోడుగా నిఫ్టీ స్పాట్ చార్టు, చాలాకాలంగా తిరుగుతున్నాయి.

ముందు ఆ చార్టు సంగతి. నిఫ్టీ స్పాట్‌ను ఎవరూ కొనరు, అమ్మరు. అది 50 కంపెనీల షేర్ల ధరల నుంచి లెక్కగట్టిన అంకె మాత్రమే కాబట్టి, దాని మీద పూర్తికాని ఆర్డరు మిగిలే ప్రసక్తే లేదు. ఫ్యూచర్స్ చార్టు తీసుకుందామన్నా, ఎన్‌ఎస్‌ఈలో అమలుకాని ఆర్డరు ఆ రోజు ట్రేడింగ్ ముగియగానే రద్దవుతుంది. బ్రోకరు దగ్గర పెట్టుకునే జీటీటీ సైతం ట్రిగ్గర్ ధర వచ్చేదాకా ఎక్స్ఛేంజికి చేరదు. కనుక గత వారం ఆర్డర్ బ్లాక్‌లో, అంటే ధర పైకి దూకే ముందున్న ఎర్ర క్యాండిల్ దగ్గర, ఈ రోజు ఎక్స్ఛేంజి ఆర్డర్లు కాచుకుని ఉండవు. ఒక ఫండు తన కొనుగోలును మర్నాడు కొనసాగించవచ్చు, నిజమే; కానీ అది నిన్నటి ఎర్ర క్యాండిల్ దగ్గరే కొంటుందని క్యాండిల్ ఆకారం చూసి చెప్పే మార్గం లేదు.

ఇక ధర తిరిగి రావడం గురించి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే నమ్మకమంతా పదికి తొమ్మిది అన్న ఆ అంకె మీదే నిలబడి ఉంది. నిఫ్టీ ఫ్యూచర్స్ ఐదు నిమిషాల చార్టులో ఇలా జరిగిందనుకుందాం. మొదటిది ఎర్ర క్యాండిల్, దాని హై 24,512, లో 24,497. దాన్నే ఆర్డర్ బ్లాక్ అంటారు. రెండోది బలంగా పైకి లేచింది. మూడోదాని లో 24,530, అది ముగిసింది 24,536 దగ్గర. 24,512కూ 24,530కూ మధ్య ఉన్న 18 పాయింట్లే ఫెయిర్ వాల్యూ గ్యాప్. పేరులో గ్యాప్ ఉన్నా, ఉదయం మార్కెట్ తెరిచినప్పుడు కనిపించే గ్యాప్‌లా ఇది ట్రేడింగే జరగని ఖాళీ కాదు. రెండో క్యాండిల్ ఆ 18 పాయింట్ల మీదుగానే పైకి వెళ్లింది, ఆ దారిలో జరిగిన ప్రతి లావాదేవీలో కొన్నవాడితో పాటు అమ్మినవాడూ ఉన్నాడు.

మూడో క్యాండిల్ ముగిసేసరికి గ్యాప్ పై అంచు కేవలం 6 పాయింట్ల దూరంలో ఉంది. ఐదు నిమిషాల్లోనే 15 పాయింట్లు కదిలే చార్టులో ధర 6 పాయింట్లు వెనక్కి రావడం వింతేమీ కాదు. పైగా గడువు అంటూ ఏదీ పెట్టలేదు. ఈ తొమ్మిదికి అర్థం ఉండాలంటే, అదే చార్టులో ఇష్టం వచ్చిన క్షణాన ధరకు అంతే దూరంలో అంతే వెడల్పున్న పట్టీ గీసి, అన్నే క్యాండిళ్లలో ధర దాన్ని ఎన్నిసార్లు తాకిందో పక్కన పెట్టి చూపాలి. ఆ పోలిక చూపినవారు ఇంతవరకు నాకు గ్రూపులో కనిపించలేదు.

అసలు డబ్బు వచ్చేది పోయేది తాకిన తరువాతే. 24,530 దగ్గర కొని, ఆర్డర్ బ్లాక్ కింద 24,496 దగ్గర స్టాప్‌లాస్, రెట్టింపు లాభానికి 24,598 దగ్గర టార్గెట్ పెట్టామనుకోండి. నష్టం 34 పాయింట్లు, లాభం 68. ధర ఏ దిశా లేకుండా బొమ్మాబొరుసులా కదిలినా, స్టాప్ కన్నా ముందు టార్గెట్ తగిలే అవకాశం 34 ÷ (34 + 68), అంటే మూడింట ఒకటి. మూడు ట్రేడ్లకు ఒకటి గెలిపించడానికి ఏ పద్ధతీ అక్కర్లేదన్నమాట. బ్రోకరేజీ, పన్నులు, స్లిప్పేజీ కలిపి ట్రేడుకు 3 పాయింట్లు పోతాయనుకుంటే, అసలు నిలబడటానికే నూటికి 36 కన్నా కొంచెం ఎక్కువ గెలవాలి.

పెద్ద క్యాండిల్ తరువాత కదలిక కొంతసేపు అదే దిశలో కొనసాగే సందర్భాలు లేవని నేను అనను. అయితే అది ఊపుకు సంబంధించిన విషయం. దాన్ని పరీక్షించడానికి సంస్థల కథ అవసరం లేదు.

ఆ కథను ఓడించడం కూడా కష్టమే. గ్యాప్‌ను చీల్చుకుని ధర కిందికి పోతే దాన్ని 'ఇన్వర్స్' గ్యాప్ అంటారు. ఆర్డర్ బ్లాక్ విరిగితే 'బ్రేకర్ బ్లాక్' అంటారు. స్టాప్‌లాస్ కొట్టి వెనక్కి లేస్తే 'లిక్విడిటీ గ్రాబ్' అంటారు. ప్రతి ఫలితానికీ పేరు సిద్ధంగా ఉన్నప్పుడు తప్పయిన ట్రేడ్లు లెక్కలోకే రావు.

కాబట్టి గ్రూపులో ఎవరైనా దీన్ని నిరూపించదలిస్తే, ఏది గ్యాప్, ఏది చెల్లదు అన్నది ముందే రాసిపెట్టి, ప్రతి ఎంట్రీనీ ఫలితం తేలకముందే పోస్టు చేయాలి. వంద ట్రేడ్లలో 40 గెలిచి చూపించినా నేను వెంటనే ఒప్పుకోలేను, ఎందుకంటే మూడింట ఒకటి అవకాశమున్న ఆటలో 40 లేదా అంతకన్నా ఎక్కువ గెలుపులు ఒట్టి అదృష్టంతోనే దాదాపు పదిలో ఒక్కసారి వస్తాయి. అదే నిష్పత్తి అయిదారు వందల ట్రేడ్ల దాకా నిలిస్తే అప్పుడు తప్పకుండా కూర్చుని చూస్తాను.