చాప్టర్‌కి ఆరు స్లైడ్లు: ఈ వైవా ఫార్ములా ఎక్కడ తప్పింది

"వైవా పీపీటీకి సింపుల్ ఫార్ములా ఫ్రెండ్స్. చాప్టర్‌కి ఆరు స్లైడ్లు, స్లైడ్‌కి ఒక నిమిషం. పేజీలు ఎక్కువున్న చాప్టర్‌కి ఇంకో రెండు కలపండి. ఏ చాప్టర్ వదిలేసినా ఎక్స్‌టర్నల్ అదే పట్టుకుంటాడు. టేబుల్స్ థీసిస్‌లో ఎలా ఉన్నాయో అలాగే పెట్టండి, మార్చారంటే డౌట్ వస్తుంది."

హైదరాబాద్ రీసెర్చ్ స్కాలర్ల గ్రూపుల్లో ఇది తిరుగుతూనే ఉంది. దీన్ని పట్టుకుని ఈమధ్య ఒక జూనియర్ నా దగ్గరికి వచ్చింది, అందుకే రాస్తున్నాను. ఆమె పని మూసీ దిగువన, పీర్జాదిగూడ నుంచి ఎదులాబాద్ దాకా, ఆ నీటితో పండించే ఆకుకూరల్లో క్యాడ్మియం, సీసం లాంటి లోహాలు ఎంత చేరుతున్నాయన్నది. థీసిస్ 210 పేజీలు, మాట్లాడటానికి 40 నిమిషాలు.

ముందు పేజీల లెక్క చూద్దాం. ఆమె లిటరేచర్ రివ్యూ 58 పేజీలు. పేజీల ప్రకారం పంచితే దానికి 11 నిమిషాలు పోతాయి. మట్టిలోంచి మొక్కలోకి లోహం ఎంత ఎక్కుతుందో చెప్పే ఐదో చాప్టర్ 22 పేజీలే, దానికి వచ్చేది 4 నిమిషాలు. అంటే వేరేవాళ్ల పని చెప్పడానికి 11 నిమిషాలు, పొలాల చుట్టూ తిరిగి తను చేసిన పనికి 4 నిమిషాలు! రివ్యూ పొడుగ్గా ఉండటానికి కారణం వేరు. ఎవరు ఏం చేశారో ఒక్కొక్కటిగా రాసి రిఫరెన్స్ ఇవ్వాలి కాబట్టి అన్ని పేజీలయ్యాయి. వైవాలో దానికున్న పని ఒక్కటే, ఇంతవరకూ ఎవరూ చూడనిది ఏమిటో చూపించడం. నీటిని, మట్టిని కొలిచినవాళ్లున్నారు, ఒకే మడిలో పక్కపక్కన పెరిగిన పాలకూర, తోటకూర, గోంగూరల్ని మూడు సీజన్లలో పోల్చి చూసినవాళ్లు తక్కువ, అందుకే ఈ పని. ఇది ఒకటిన్నర స్లైడ్ సరుకు. "అన్నా, లిటరేచర్ ఇంత తగ్గిస్తే మా సార్ తిడతారేమో" అంది. తిడితే ఆయన ముందు ఒకసారి ప్రాక్టీస్ టాక్ ఇవ్వమన్నాను, గడియారం చూశాక చాలామంది సార్లే తగ్గించమంటారు.

"వదిలేస్తే ఎక్స్‌టర్నల్ పట్టుకుంటాడు" అన్నదే అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మాట, తప్పు ఎక్కువున్నది కూడా అందులోనే. మన పద్ధతిలో థీసిస్ ముందే బయటి పరీక్షకులకు వెళ్తుంది, వాళ్లు చదివి రిపోర్ట్ పంపాకే వైవా. కాబట్టి ఎదురుగా కూర్చునే ఎక్స్‌టర్నల్‌కి మీ చాప్టర్లన్నీ తెలుసు. స్లైడ్‌లో లేదని ఆయన మర్చిపోడు, ఉందని సంతోషపడడు. ఆయన్ని ఏం ఇబ్బంది పెట్టిందో రిపోర్ట్‌లోనే ఉంటుంది. టైమ్ పంచుకునేటప్పుడు ఎదురుగా పెట్టుకోవాల్సిన కాగితం అదే, థీసిస్ విషయసూచిక కాదు. మా జూనియర్ కేసులో రిపోర్ట్‌లో ఒక ప్రశ్న ఉంది: పరికరం పట్టుకోగలిగే హద్దుకంటే తక్కువ వచ్చిన క్యాడ్మియం విలువల్ని లెక్కలో ఎలా వాడారు? థీసిస్‌లో దీనికి ఒకే ఒక వాక్యం ఉంది, ఆ హద్దులో సగాన్ని విలువగా తీసుకున్నామని. ఫార్ములా ప్రకారమైతే అది మెథడ్స్ స్లైడ్‌లో ఏడో బుల్లెట్ అయ్యేది. మేం దానికి స్లైడ్ మొత్తం ఇచ్చాం. అలాంటి శాంపిళ్లు ఎన్ని, ఏ సీజన్‌వి, సగం బదులు సున్నా పెడితే లేదా పూర్తి హద్దు విలువే పెడితే సగటు ఎంత మారుతుంది అన్నది ఒక చిన్న గ్రాఫ్‌గా. రెండున్నర నిమిషాలు. ఎలాగూ అడిగేదే, మనమే ముందు చెప్తే జవాబు మన పద్ధతిలో, మన గ్రాఫ్‌తో చెప్పుకోవచ్చు.

హాల్లో ఇంకో రకం వాళ్లూ ఉంటారు. ఓపెన్ వైవా కదా, డిపార్ట్‌మెంట్ ఫ్యాకల్టీ, స్కాలర్లు వస్తారు, వాళ్లు థీసిస్ అట్ట కూడా చూసి ఉండరు. వాళ్ల కోసం సమస్య ఏమిటో, ఎక్కడ శాంపిళ్లు తీశారో మొదట్లో 4 నిమిషాలు చెప్పాలి, మ్యాప్‌తో సహా. చాప్టర్లు సమానంగా పంచితే ఈ ఇద్దరికీ న్యాయం జరగదు.

చివరికి ఇలా కుదిరింది. సమస్యకీ లిటరేచర్‌లో ఉన్న ఖాళీకీ కలిపి 6, ఆబ్జెక్టివ్స్‌కి 1, మెథడ్స్‌కి ఆ హద్దు స్లైడ్‌తో కలిపి 7, నీరు-మట్టి చాప్టర్‌కి 5, మొక్కల చాప్టర్‌కి 10, తినేవాళ్ల ఆరోగ్య ముప్పు చాప్టర్‌కి 6, ముగింపు, పరిమితులకి 3. మొత్తం 38, రెండు నిమిషాలు చేతిలో. నీరు-మట్టి చాప్టర్ జర్నల్లో వచ్చేసింది, రివ్యూయర్ల ప్రశ్నలు ఒకసారి దాటింది, అందుకే 46 పేజీలున్నా 5 నిమిషాలే. మొక్కల చాప్టర్ ఇంకా ఎక్కడా రాలేదు, కొత్తదనమంతా అక్కడే, అనుమానాలూ అక్కడే, కాబట్టి పావు వంతు టైమ్ దానిదే.

స్లైడ్‌కి ఒక నిమిషం అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆబ్జెక్టివ్స్ స్లైడ్ నిమిషంలో అయిపోతుంది, గ్రాఫ్‌లో అడ్డగీత ఏంటో, నిలువుగీత ఏంటో, రంగులేంటో చెప్పి అసలు సంగతికి వచ్చేసరికి రెండున్నర, మూడు నిమిషాలు. లెక్కేసి కూర్చోకండి, నోరు తెరిచి పైకి చెప్తూ కొలవండి. పవర్‌పాయింట్‌లో Rehearse Timings నొక్కితే ఏ స్లైడ్ మీద ఎంతసేపు ఆగారో అదే రాసి పెడుతుంది. మా జూనియర్ మ్యాప్ స్లైడ్ దగ్గర ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగిపోయేది, ఒక్కో ఊరి కథ చెప్తూ. మనసులో చదువుకున్నప్పుడు అది అస్సలు బయటపడలేదు.

టేబుల్స్ మాట సగం నిజం. అంకె మారకూడదు, థీసిస్‌లో 0.34 ఉంటే స్లైడ్‌లో 0.3 అని కుదించినా ఎవరో ఒకరు అడుగుతారు. కానీ టేబుల్ రూపం మార్చి తీరాలి. 14 చోట్లు, 8 లోహాలు, 3 ఆకుకూరలు, అంటే 336 అంకెలు ఒకే తెర మీద. రెండో వరుసకే కనపడవు, మనం "ఇక్కడ చూడండి" అంటూ లేజర్ ఊపుతూ ఉంటాం. ఆ టేబుల్‌లోంచి క్యాడ్మియం ఒక్కటే తీసి, మూడు ఆకుకూరల్నీ పక్కపక్కన బార్లుగా పెట్టి, కింద మూల థీసిస్ టేబుల్ నంబర్, పేజీ నంబర్ వేశాం. పూర్తి టేబుల్ థాంక్యూ స్లైడ్ తర్వాత దాచాం. ఎవరైనా సీసం సంగతి అడిగితే వెనక్కీ ముందుకీ స్లైడ్లు తిప్పుతూ కంగారు పడక్కర్లేదు, స్లైడ్ షోలో ఉండగానే ఆ స్లైడ్ నంబర్ టైప్ చేసి Enter కొడితే నేరుగా అక్కడికే వెళ్తుంది. ఏ నంబర్‌లో ఏముందో ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోవాలి, అంతే.

ఆ ఫార్ములాలో అసలు ప్రస్తావనే లేని సంగతి ఇంకొకటుంది. మీకు 40 నిమిషాలని చెప్పినా ఆ రోజు 40 దొరుకుతాయని నమ్మకం లేదు. ప్రొజెక్టర్ పనిచేయదు, పరిచయాలు సాగుతాయి, ఎక్స్‌టర్నల్‌కి సాయంత్రం శంషాబాద్‌లో ఫ్లైట్ ఉంటుంది, "అమ్మా, ఇరవై ఐదు నిమిషాల్లో కానివ్వు" అంటారు. చాప్టర్‌కి ఆరు చొప్పున పెట్టుకున్నవాళ్లు అప్పుడు అన్నీ రెట్టింపు వేగంతో చదివేస్తారు. మేం ముందే రెండో ఫైల్ చేసి పెట్టాం, అందులో నీరు-మట్టి చాప్టర్ ఒకే స్లైడ్, ఆరోగ్య ముప్పు రెండు స్లైడ్లు, మొక్కల చాప్టర్ మాత్రం ఉన్నది ఉన్నట్టే.