నక్షత్రానికి వెయ్యి రూపాయలు

సామాన్యుడి అభిప్రాయానికి ఈ దేశంలో విలువ లేదని బాధపడేవాళ్లు ఒకసారి ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చి చూడాలి.

నిజాంపేటలో మా పక్కింటి వదిన రెండున్నర వేలు పెట్టి మిక్సీ కొంది. మూడో రోజుకే చట్నీ జార్ అడుగు నుంచి నీళ్లు కారడం మొదలైంది. జార్ మార్చమని వారం రోజులు మెసేజ్‌లు పెట్టింది. ఉలుకూ పలుకూ లేదు. చివరికి గట్టు మీద పారుతున్న కొబ్బరి చట్నీని ఫొటో తీసి, ఒక స్టార్‌తో రివ్యూలో పెట్టింది. గంటలో సెల్లర్ నుంచి ఫోన్ మోగింది, వెనకే అదే మాటతో మెసేజ్ కూడా. "మేడమ్, మీరు మా ఫ్యామిలీ లాంటివారు. రివ్యూ తీసేస్తే వెయ్యి రూపాయలు వెనక్కిస్తాం."

లెక్క గమనించండి. జార్ పాడైనందుకు సున్నా, పాడైందని నలుగురికీ చెప్పినందుకు వెయ్యి. ఈ లెక్కన సరుకు కన్నా మౌనమే ఖరీదు. నా మనవి ఏమిటంటే, ప్రభుత్వం వెంటనే మౌనానికి మద్దతు ధర ప్రకటించాలి.

అందాకా చిన్న చిక్కుంది. ఈ బేరంలో రివ్యూ ముందు పోవాలి, డబ్బు తర్వాత రావాలి. పోయిన రివ్యూ మళ్లీ రాయనిస్తారో లేదో తెలియదు, డబ్బు రాకపోతే అడిగే దిక్కూ లేదు. పైగా మాటలన్నీ యాప్‌లోని చాట్ వదిలి వాట్సాప్‌కి రమ్మంటారు. అక్కడైతే ప్లాట్‌ఫామ్ కంట పడదు కదా! ఒకవేళ డబ్బు కోసమంటూ క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారా, ఇక రీఫండ్ కాదు, మోసమే. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

వదిన వాట్సాప్‌కి వెళ్లలేదు. యాప్ చాట్‌లోనే రాసింది: "రివ్యూ సంగతి వేరు, జార్ సంగతి వేరు. జార్ మార్చండి, లేదా మొత్తం డబ్బు ఇవ్వండి." వచ్చిన నంబర్‌ను, వెయ్యి రూపాయల మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి, ఆర్డర్ నంబర్‌తో సహా ప్లాట్‌ఫామ్‌కు ఫిర్యాదు చేసింది. డబ్బిచ్చి రివ్యూ తీయించడాన్ని పెద్ద ప్లాట్‌ఫామ్‌లు తమ నిబంధనల్లోనే నిషేధించాయి. వాళ్లూ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో IS 19000 అనే భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. కాకపోతే పాటించడం స్వచ్ఛందం. మన దగ్గర హెల్మెట్ లాగా!

ఫిర్యాదు వెళ్లిన నాలుగు రోజులకు కొత్త జార్ వచ్చింది. వదిన పాత ఫొటో అలాగే ఉంచి, "ఫిర్యాదు చేశాక జార్ మార్చారు" అని కలిపి, ఎవరూ అడక్కుండానే ఇంకో స్టార్ పెంచింది.

సెల్లర్ నుంచి వెంటనే మెసేజ్: "థ్యాంక్యూ మేడమ్. ఐదు చేయడానికి ఎంత?"