నెలాఖరుకు ముందే పూర్తయిన పని

మా కార్యాలయంలో నెలవారీ సమీక్షా సమావేశానికి మినిట్స్ రాసే సహోద్యోగిని ఎంతటి శ్రద్ధాళువంటే, ఎవరు ఎన్నిసార్లు దగ్గారన్నది తప్ప తక్కినదంతా ఆమె కాగితాల మీద కనిపిస్తుంది. అలా తయారైన తొమ్మిది పేజీలను అందరూ భద్రపరుస్తారు గాని చదవరు. తమ పేరు ఎక్కడైనా ఉందేమోనని వెదికి, లేకపోతే నిశ్చింతగా ఫైలులో పెట్టేస్తారు. క్రితం సమావేశం ముగిశాక మేనేజరు గారికి ఎందుకో ఈ పరిస్థితిపై విసుగు పుట్టింది. "అమ్మా, ఈసారి పురాణం వద్దు. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి, ఈ మూడు గడులు చాలు. అరపేజీ దాటితే నేను చదవను" అని ఆయన ఆదేశించారు.

ఆమె పని మొదలుపెట్టిన తీరు నిజానికి మెచ్చుకోదగినదే. గోడలకు ఏ రంగు వేయాలన్న విషయమై సాగిన రెండు పేజీల వాదన ఏ నిర్ణయానికీ రాలేదు గనుక, ఎవరూ చేయవలసిన పని అందులో లేదని గ్రహించి మొత్తం కొట్టివేశారు. "సభ్యులు ఆందోళన వ్యక్తం చేశారు" వంటి వాక్యాలన్నీ పోయాయి, ఎందుకంటే ఆందోళనకు గడువు తేదీ ఉండదు. చిక్కంతా "తగు చర్యలు తీసుకోవడం జరుగుతుంది" అనే రకం వాక్యాల దగ్గర వచ్చింది. అటువంటి వాక్యంలో చర్య ఉంటుంది, జరగడం కూడా ఉంటుంది, చేసే మనిషి మాత్రం ఉండడు. అలాంటి చోట్ల సమావేశంలో ఆ మాట అన్నవారిని అడిగి పేరు రాయించుకోవడమే సరైన మార్గం. కాని అడిగితే ఎవరూ ఒప్పుకోరు గనుక, ఆ రోజు సెలవులో ఉన్న ఒక పెద్దమనిషికి మూడు పనులు దక్కాయి. సమావేశానికి రాని వారికి పని అప్పగించడం అన్ని కార్యాలయాల్లోనూ ఉన్న ఆచారమే కాబట్టి దానిని ఎవరూ పట్టించుకోలేదు.

తేదీల సంగతి ఇంకొంచెం సున్నితమైనది. సమావేశం గురువారం జరిగింది, పట్టిక అందరికీ అందింది సోమవారం. "వచ్చే సోమవారం" అని గురువారం నాడు అన్న మాటను సోమవారం ఉదయం చదివిన వ్యక్తి ఇంకా వారం రోజులు ఉన్నాయనుకొని కాఫీకి వెళ్లిపోయాడు. పట్టికలో వారం పేరు కాక తేదీ అంకెల్లో వేయాలనేది ఇందుకే.

ఇంతవరకూ జరిగినవి సామాన్యమైన పొరపాట్లు. వీటివల్ల పనులు ఆలస్యమవుతాయే తప్ప ప్రమాదమేమీ రాదు. అసలు ప్రమాదం ఏ లోపమూ లేని ఒక వరుస వల్ల వచ్చింది. ఆ వరుసకు మూలమైన మినిట్స్ వాక్యం ఇది: "కొత్త ప్రింటర్ వచ్చి ఒక వారం పాటు ఇబ్బంది లేకుండా పనిచేసిన తరువాత పాత ప్రింటర్‌ను తొలగించవచ్చుననీ, అయితే పాతదానిలోని స్కానింగ్ సౌకర్యాన్ని అకౌంట్స్ విభాగం వాడుకుంటున్నందున వారి సమ్మతి తీసుకోవలసి ఉంటుందనీ, ఇదంతా నెలాఖరులోగా పూర్తయితే మంచిదనీ సభ్యులు అభిప్రాయపడ్డారు."

దీనిని కుదిస్తే పట్టికలో రెండు వరుసలు వచ్చాయి.

అందరూ – కొత్త ప్రింటర్ విషయం చూడాలి – వీలైనంత త్వరలో.

స్టోర్స్ అధికారి – పాత ప్రింటర్ తొలగించాలి – 30వ తేదీ.

మొదటి వరుసను చూడగానే దాని భవిష్యత్తు ఎవరైనా చెప్పగలరు. "అందరూ" అంటే ఎవరూ కాదు, "చూడాలి" అన్న పని ఎప్పుడు పూర్తయిందో తెలియదు, "వీలైనంత త్వరలో" అన్న తేదీ ఏ క్యాలెండర్‌లోనూ లేదు. రెండవ వరుస మాత్రం ఆదర్శప్రాయం: ఒకే మనిషి, పూర్తయిందో లేదో కళ్లతో చూసి చెప్పగల పని, అంకెల్లో తేదీ. అందుచేత మొదటిది జరగలేదు, రెండవది జరిగింది. మా స్టోర్స్ అధికారి ఎప్పుడూ ఏ పనీ గడువులోగా చేయని మనిషి. ఆ పట్టికలో తన పేరు అంత స్పష్టంగా కనిపించడంతో ఆయనకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చి, 18వ తేదీనే ఇద్దరు మనుషులను పిలిపించి పాత ప్రింటర్‌ను సాగనంపారు. దానితోపాటు మిగిలిన ఇంకు డబ్బాలను కూడా ఇచ్చివేయడం ఆయన సొంత చొరవ.

ఆ మధ్యాహ్నం అకౌంట్స్ మేడమ్ స్కాన్ చేయవలసిన బిల్లుల కట్టతో వచ్చి, ప్రింటర్ ఉండవలసిన చోట గోడ మీద ఉన్న తెల్లటి చతురస్రాన్ని చాలాసేపు చూశారు. ఆ తరువాత స్టోర్స్ గదిలో జరిగిన సంభాషణ మా అందరికీ వినబడింది.

"నన్ను ఒక్క మాట అడగాలని మీకు అనిపించలేదా?"

"అడగమని ఎక్కడుంది మేడమ్? నా వరుసలో మూడు గడులున్నాయి, మూడూ నేను చదివాను. మీ పేరు ఏ గడిలోనూ లేదు."

న్యాయంగా చూస్తే ఆయన అన్నది నిజమే. తొమ్మిది పేజీలలో ఉన్న "తరువాత", "అయితే" అనే రెండు మాటలకు మూడు గడులలో చోటు దొరకలేదు. చర్చను కొట్టివేస్తే పోయేది కాగితం బరువు మాత్రమే. షరతును కొట్టివేస్తే పని దిశే మారిపోతుంది. కుదించడంలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే షరతు కూడా వాక్యంలో సాగదీతలాగే కనబడుతుంది.

నాలుగవ గడి చేర్చుదామని ఒకరు సూచించగా మేనేజరు గారు ససేమిరా అన్నారు. చివరికి ఆ సహోద్యోగినే మినిట్స్ వాక్యాన్ని ముందు పెట్టుకొని, ప్రతి షరతునూ ఒక మనిషి చేయవలసిన పనిగా మార్చి, మూడు గడులు దాటకుండానే మరుసటి నెలకు కొత్త వరుసలు రాశారు. కొనుగోలు అధికారి 4వ తేదీలోగా కొత్త ప్రింటర్‌కు ఆర్డరు పెట్టాలి. కంప్యూటర్లు చూసే కుర్రవాడు దానిని 14వ తేదీలోగా అమర్చి, ఒక పరీక్ష పేజీ ముద్రించి చూపాలి. అకౌంట్స్ మేడమ్ దానిపై వారం రోజులు స్కానింగ్ చేసి చూసి, 21వ తేదీన తన సమ్మతిని స్టోర్స్‌కు కాగితంపై రాసి ఇవ్వాలి. పాత ప్రింటర్ అప్పటికే పోయింది గనుక నాలుగవ వరుస అవసరం లేకపోయింది గాని, ఉండి ఉంటే "ఆ కాగితం చేతికి అందిన తరువాతనే పాతదానిని తొలగించాలి – 25వ తేదీ" అని ఉండేదని ఆమె అందరికీ చదివి వినిపించారు. షరతు పని గడిలోకే వెళ్లింది. తేదీలు కూడా ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. తరువాతి పని తేదీ ముందు పని తేదీ కంటే ముందుగా ఉంటే ఎక్కడో ఒక "తరువాత" జారిపోయిందని అర్థమని ఆమె వివరించారు.

పట్టిక చక్కగా వచ్చింది. దానిని అందరికీ ముద్రించి పంచమని మేనేజరు గారు ఆదేశించాక గది కాసేపు నిశ్శబ్దమైంది, ఆ తరువాత ఎవరో నెమ్మదిగా మెయిల్‌లో పంపుదామన్నారు.

స్టోర్స్ అధికారి అప్పటినుంచి ఏ పని చెప్పినా పెన్ను మూత తీయకుండానే "దీనికి ముందు ఇంకేమైనా జరగాలా?" అని అడుగుతున్నారు. నిన్న ఎవరో గది తలుపు వేయమన్నప్పుడు కూడా అదే అడిగారు.