ఫొటోలోంచి తీసిన కోడ్ చీర రంగు కాదు

ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది:

"చీర రంగు ఎలా చెప్పాలో తెలియట్లేదా? పగటి వెలుగులో ఫొటో తీయండి, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టండి, కలర్ పికర్ యాప్‌లో చీర మీద వేలు పెట్టండి. వచ్చిన కోడే అసలు రంగు. ఆ కోడ్ పంపితే బ్లౌజ్ పీసైనా గోడ పెయింటైనా అచ్చం అదే దొరుకుతుంది. షాపు బయటికి తీసుకెళ్లి చూడటం ఇక చాదస్తం!"

ముందు ఆ కోడ్ సంగతే చూద్దాం. మా పిన్ని రామా గ్రీన్ పట్టుచీర ఫొటో మీద ఈ చిట్కా ప్రయత్నించాం. చీర ఒళ్లంతా ఒకే రంగు, బుటాలు కూడా లేవు. సాఫీగా పరిచిన చోట వేలు పెడితే #0F7F78 వచ్చింది. మడత మీద వెలుగు తగిలే చోట #4FA39A. రెండంగుళాలు పక్కకి జరిగి మడత లోపల పెడితే #0A4F57. రెండోది లేత సముద్రపు పచ్చ, మూడోది నీలం కలిసిన ముదురు పచ్చ. ఈ మూడూ పట్టుకుని మూడు షాపులకి వెళితే మూడు వేర్వేరు బ్లౌజులు వస్తాయి.

యాప్ తప్పేమీ లేదు. ఫైల్లో ఆ ఒక్క చుక్కకి ఎరుపు, పచ్చ, నీలం ఎంతెంత పాళ్లలో రాసి ఉన్నాయో అదే చెప్పింది. అందులో చీర రంగుతో పాటు ఆ క్షణంలో పడిన వెలుగు, నీడ, పట్టు మెరుపు, కెమెరా చేసిన సర్దుబాటు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసే దారి ఆ ఆరు అక్షరాల్లో లేదు. ఇక డబుల్ షేడ్ చీరైతే, అంటే పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన నెమలికంఠం లాంటిదైతే, ఒక్క కోడ్ అన్న మాటే కుదరదు. చీర కదిలితే రంగు మారుతుంది, కొనేది కూడా అందుకే కదా!

ఇంకో చిక్కు ఉంది. చాలా ఫొటోలు sRGB అనే రంగుల పరిధిలో ఉంటాయి. నిండు రామా గ్రీన్లు, నెమలి నీలాలు కొన్ని ఆ పరిధిలో పట్టవు. పట్టని రంగుని లోపల దగ్గర్లో ఉన్న రంగుకి దించేస్తారు. కంటికి పచ్చగా మెరిసే చీర ఫొటోలో నీలంగానో, కాస్త వెలిసినట్టుగానో కనిపించడానికి ఇదొక కారణం.

పగటి వెలుగు అన్నది కూడా ఒకే వెలుగు కాదు. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500 కెల్విన్ ఉంటుంది. ఎండ తగలని నీడలో నీలాకాశం వెలుగు మాత్రమే పడితే 7000 దాటుతుంది, అంటే నీలం వైపు జరుగుతుంది. సాయంత్రం ఎండ పసుపెక్కి బాగా కిందికి దిగుతుంది. బాల్కనీలో తీస్తే ఎదురింటి గోడ రంగు కూడా చీర మీద వాలుతుంది.

వీటన్నిటినీ సరిచేద్దామని ఫోన్ తనంతట తాను వైట్ బ్యాలెన్స్ మారుస్తుంది, అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. తెర నిండా ఎర్రచీరే ఉండేలా దగ్గరగా తీస్తే వెలుగే ఎర్రగా ఉందనుకుని ఎరుపు తగ్గించేయవచ్చు. అదే చీరని దూరంగా, తెల్లగోడ ముందు పెట్టి తీస్తే రంగు వేరుగా వస్తుంది. ఫొటో పంపక తప్పదంటే గదిలో లైట్లన్నీ ఆపి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన తీయండి. చీర పక్కనే ఒక తెల్ల కాగితం పెట్టండి. చూసేవాళ్లకి ఆ కాగితం నీలంగానో పసుపుగానో కనిపిస్తే చీర రంగు కూడా అటే జరిగిందని అర్థమవుతుంది. ప్రింటర్ కాగితంలో తెలుపు పెంచే మందు ఉంటుంది కాబట్టి అది కాస్త నీలం చూపిస్తుంది, అయినా ఏమీ లేకపోవడం కన్నా నయం.

తెర బ్రైట్‌నెస్‌తో పనే లేదు. అది పెంచినా తగ్గించినా ఫైల్లో అంకె మారదు, కోడ్ అదే వస్తుంది. మారేది మీ కంటికి కనిపించేది మాత్రమే. వివిడ్ మోడ్, రాత్రిపూట తెరని పసుపు చేసే సెట్టింగ్ కూడా అంతే. పంపినవాళ్ల ఫోన్లో ఏ మోడ్ ఉందో, అందుకున్నవాళ్ల ఫోన్లో ఏది ఉందో ఎవరికీ తెలియదు.

ఇక షాపు బయటికి తీసుకెళ్లి చూడటం. సికింద్రాబాద్ జనరల్ బజార్లో ఏ మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లినా ఇది కనిపిస్తుంది. లోపల ఎల్‌ఈడీ ట్యూబు కింద "సేమ్ టు సేమ్ అక్కా" అని పీసు చీర మీద పరుస్తారు. నిజంగానే కలిసిపోతుంది. గుమ్మం దాకా తీసుకొస్తే చీర పచ్చ, పీసు నీలం. షాపువాళ్లు మోసం చేశారని కాదు. పట్టుకి సాధారణంగా యాసిడ్ రంగులు వేస్తారు, కాటన్‌కి రియాక్టివ్ రంగులు, పాలిస్టర్‌కి డిస్పర్స్ రంగులు. రసాయనాలు వేరు, కలిపే పాళ్లు వేరు. ఒక వెలుగు కింద రెండూ కంటికి ఒకేలా తోచినా, ఏ తరంగాన్ని ఎంత తిప్పికొడతాయన్నది రెండింటికీ ఒకటి కాదు. వెలుగు మారగానే ఆ తేడా బయటపడుతుంది. దీన్నే మెటామెరిజం అంటారు.

మిల్లుల్లో ఇందుకోసమే లైట్ బాక్స్ పెట్టుకుంటారు. ఒకే నమూనాని పగటి వెలుగు లాంటి D65 కింద, షాపుల ట్యూబు లాంటి TL84 కింద, పాత బల్బు లాంటి A కింద మార్చి మార్చి చూస్తారు. మనకి ఆ పెట్టె లేదు కాబట్టి గుమ్మమే మన D65. ఫంక్షన్ హాల్లో పసుపు లైట్లుంటాయని తెలిస్తే అలాంటి లైటు కిందా ఒకసారి చూసుకోండి. కోడ్ ఎంత కచ్చితంగా తీసినా ఈ తేడా పట్టుకోలేదు, ఎందుకంటే అది ఒక్క వెలుగులో తీసిన ముచ్చట.

మరి ఫోన్లో ఎలా చెప్పాలి? పిన్ని కోసం చివరికి పంపిన మెసేజ్ ఇలా ఉంది: "పట్టు, మెరుపుంది, డబుల్ షేడ్ కాదు. రామా గ్రీన్, నీలం వైపు మొగ్గు. బాటిల్ గ్రీన్ కన్నా లేత. నిండు రంగు, బూడిద ఛాయ లేదు. పొద్దున కిటికీ దగ్గర చూసి చెబుతున్నా." రంగు ఎటు మొగ్గింది, లేతా ముదురా, నిండా మసకా అన్న మూడూ చెబితే అవతలివాళ్లు సగం పీసుల్ని చూడకుండానే పక్కన పెట్టగలరు. ఇద్దరి దగ్గరా ఒకే కంపెనీ షేడ్ కార్డు ఉంటే ఇంకా మంచిది, ఫలానా నంబరు కన్నా కొంచెం ముదురు అంటే సరిపోతుంది. కార్డు ఎండకి వెలిసినదై ఉండకూడదు. అన్నిటికన్నా మేలు ముక్క పంపడం. పల్లూ కుచ్చుల్లోంచి పోగులు కత్తిరించకండి, చాలా చీరల్లో పల్లూ రంగు వేరు. ఒళ్లు, బ్లౌజు ఒకే రంగైతే బ్లౌజు పీసు మూల నుంచి చిన్న ముక్క తీయండి.

గోడ పెయింట్‌కి కోడ్ అసలు పనికిరాదు. ఒకే రంగు మ్యాట్‌లో లేతగా, మెరుపు ఫినిష్‌లో ముదురుగా కనిపిస్తుంది. ఎమల్షన్ తడిగా ఉన్నప్పటి కన్నా ఆరాక సాధారణంగా ముదురెక్కుతుంది. నాలుగు గోడలూ ఒకటే వేస్తే ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి మరింత చిక్కగా కనిపిస్తుంది, అందుకే కార్డులో నచ్చిన దానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోవడం మంచిది. చీరకి సరిపడే రంగే కావాలంటే, రంగు కొలిచే యంత్రమున్న పెయింట్ షాపుకి చీరే తీసుకెళ్లండి. వెనకున్నది కనిపించకుండా నాలుగు మడతలు వేసి కొలవమనండి. వచ్చిన రంగుని శాంపిల్ డబ్బాగా కొని, రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి ఆరనిచ్చి, పగలొకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చీర పక్కన పెట్టి చూడండి. ఖాయం చేశాక బకెట్లన్నీ ఒకే బ్యాచ్‌వి అడగండి. దొరకకపోతే గోడ మధ్యలో కొత్త బకెట్ తెరవకుండా, ముందే అన్నిటినీ పెద్ద డ్రమ్ములో కలిపించండి.