రిజెక్ట్ చేసినవారికి ఒక వినతిపత్రం

"మీ ప్రొఫైల్ మాకెంతో నచ్చింది. అయితే ప్రస్తుతానికి వేరే అభ్యర్థులతో ముందుకు వెళ్తున్నాం. మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు." కంపెనీల నుంచి వచ్చే ఈ మెయిల్ భాష మనకు కొత్తదేమీ కాదు. అమ్మాయి బంగారం, అబ్బాయి బుద్ధిమంతుడు, జాతకాలే కలవలేదు అని పెళ్ళిసంబంధాల్లో ఎప్పటినుంచో వింటున్నాం. అప్పుడు మన పెద్దలు పెళ్ళివారి ఇంటి ముందు నిలబడి "మావాడిలో ఏం తక్కువ?" అని అరిచేవారు కాదు. మధ్యవర్తిని మెల్లగా పక్కకు పిలిచి ఒక్క ముక్క అడిగేవారు: "కట్నం దగ్గరా, చదువు దగ్గరా?" అంతే. నిజం బయటికొచ్చేది.

ఉద్యోగాల్లో ఆ మధ్యవర్తి పేరు రిక్రూటర్. రిజెక్ట్ అయినవాళ్ళు ఆమెకు రాసే ఉత్తరాల్లో మాత్రం ఈ తెలివి అంతరించిపోయిందని బాధతో మనవి చేస్తున్నాను.

ఇప్పుడు చలామణిలో ఉన్న ఉత్తరాన్ని చూడండి. మొదటి పేరాలో దిగ్భ్రాంతి. రెండో పేరాలో ఇంటర్ మార్కులు, ఇంజనీరింగ్ పర్సెంటేజీ, కాలేజీ ఫెస్ట్‌లో వచ్చిన షీల్డు. మూడో పేరాలో అన్ని రౌండ్లూ ఎంత బాగా చేశాడో, ఇంటర్వ్యూ చేసినాయన ఎన్నిసార్లు తల ఊపాడో. చివర్లో, "కావున నాలోని లోపాలేమిటో దయతో సవివరంగా తెలియజేయగలరు." ఒక కాపీ మేనేజర్‌కి, ఇంకొకటి లింక్డ్‌ఇన్‌లో దొరికిన సీఈవో గారికి. జవాబు రాకపోతే వారం తర్వాత అదే ఉత్తరం, ఈసారి ముఖ్యమైన చోట్ల పెద్దక్షరాలతో.

దీనికి జవాబు రాకపోవడాన్ని మనవాళ్ళు అహంకారం అంటారు. నేను మాత్రం రిక్రూటర్ పక్షాన వకాల్తా పుచ్చుకుంటున్నాను. పాపం ఆమె ఆ ఇంటర్వ్యూల్లో కూర్చోలేదు. ప్రతి రౌండు తర్వాతా ఇంటర్వ్యూ చేసినవారు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫారం నింపుతారు. అందులో ఒక గ్రేడు, రెండు మూడు వాక్యాలు ఉంటాయి. ఆమెకు తెలిసింది ఆ వాక్యాలే. "నాలో లోపాలేమిటి" అని అడిగితే ఆమె ఆ ఇంజనీరును మళ్ళీ పట్టుకోవాలి, మీ వ్యక్తిత్వం మీద వ్యాసం రాయించాలి, దాన్ని లీగల్ వాళ్ళు తప్పుపట్టకుండా నునుపు చేయాలి. చివరికి పంపితే మీరు ఊరుకుంటారా? "ఆ ప్రశ్నకు నేను సరిగ్గానే చెప్పాను, కావాలంటే రికార్డింగ్ చూడండి" అని తిరుగు ఉత్తరం రాస్తారు. ఆమెకు ఇదంతా అనుభవమే. అందుకే మౌనం.

కాబట్టి మర్యాదస్తుడైన అభ్యర్థి చేయవలసింది ఆమె కళ్ళ ముందున్న ఆ రెండు మూడు వాక్యాల నుంచే జవాబు దొరికేలా అడగడం. మెయిల్ వచ్చిన మర్నాటికల్లా అడగాలి. ఆలస్యమైతే ఆమె ఇంకో పోస్టు పనిలో పడిపోతుంది, మీ పేరు వెతికి ఫారం తెరవాలంటే బద్ధకం. రిజెక్షన్ వచ్చింది noreply చిరునామా నుంచైతే దానికి మొరపెట్టుకోవడం వృథా. ఇంటర్వ్యూ టైమ్ ఫిక్స్ చేసిన రిక్రూటర్ పాత మెయిల్‌కే రిప్లై కొట్టాలి. పోస్టు పేరు, తేదీలు అన్నీ కిందనే ఉంటాయి కనుక మీరెవరో ఆమె వెతుక్కోనక్కర్లేదు.

మా మేనల్లుడి ఉదంతం చెబుతాను. వాడు బెంగళూరులో ఒక కంపెనీకి బ్యాకెండ్ డెవలపర్‌గా వెళ్ళాడు. ఆన్‌లైన్ టెస్టు, కోడింగ్ రౌండు దాటి డిజైన్ రౌండు, మేనేజర్ రౌండు దాకా వెళ్ళి రిజెక్ట్ అయ్యాడు. మా ఇంట్లో వెంటనే విచారణ సంఘం కూర్చుంది. రికమండేషన్ ఉన్నవాడికి ఇచ్చుంటారని మా బావ తేల్చాడు. శని చూపు అని అక్కయ్య. మూడు నెలల నోటీస్ పీరియడ్ వల్లేనని వాడు. ఎవరి సాక్ష్యం వాళ్ళ దగ్గర బలంగా ఉంది. చివరికి వాడు పంపిన మెయిల్ ఇంగ్లీషులో ఉన్నా, దాని సారం ఇది:

"నమస్తే మేడమ్, త్వరగా తెలియజేసినందుకు థాంక్స్. మీ నిర్ణయాన్ని మార్చమని అడగడం లేదు. తర్వాతి ఇంటర్వ్యూలకు సిద్ధమవడానికి ఒక్క విషయం తెలిస్తే చాలు: నేను ఆగిపోయింది డిజైన్ రౌండు దగ్గరా, లేక నోటీస్ పీరియడ్ వల్లా? డిజైన్ అయితే, ప్యానెల్ రాసినదాంట్లో ఒక్క పాయింటు చెప్పగలరా? చెప్పే వీలు లేకపోతే ఇబ్బంది లేదు."

చూడటానికి ఇందులో ఏమీ లేదు. ఇంటర్ మార్కులు కూడా లేవు. మా బావ చదివి "ఇంత పొడిగా రాస్తే ఎవడు పట్టించుకుంటాడ్రా" అన్నాడు. కానీ ఈ పొడి ఉత్తరంలో ఉన్న కపటం గమనించండి. మార్చమని అడగడం లేదు అన్నాక ఆమెకు వాదన భయం పోయింది. రెండు కారణాలు ముందే పెట్టేశాడు కనుక ఒక్క మాటతో జవాబు చెప్పొచ్చు. పైగా నోటీస్ పీరియడ్ సంగతి ఆమె సొంత శాఖ, దానికి ఎవరినీ అడగనక్కర్లేదు. వీలు లేకపోతే ఇబ్బంది లేదన్నాడు కాబట్టి పక్కకు తప్పుకునే దారి కూడా ఇచ్చాడు. దారి ఉన్నప్పుడు మనుషులు విచిత్రంగా ఆగి మాట్లాడతారు.

జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. నోటీస్ పీరియడ్ సమస్య కాదు. కోడింగ్ బాగుంది. డిజైన్ రౌండులో బస్ టికెట్ల బుకింగ్ సిస్టమ్ అడిగితే, ఎంతమంది వాడతారు, ఒకే సీటుకు ఇద్దరు ఒకేసారి డబ్బు కడితే ఏం కావాలి అని ఒక్క ప్రశ్నయినా అడగకుండా నేరుగా డేటాబేస్ టేబుళ్ళు గీయడం మొదలుపెట్టాడని ప్యానెల్ రాసిందట. ఆరు నెలల తర్వాత మళ్ళీ అప్లై చేయొచ్చని కూడా చెప్పింది. పనికొచ్చే జవాబుకు గుర్తు ఇదే: ఒక రౌండు పేరు, వాడు చేసిన ఒక పని ఉంటాయి. "మీకంటే తగిన అభ్యర్థి దొరికారు", "కల్చర్ ఫిట్ కాలేదు" లాంటివి వస్తే అది జవాబు వేషంలో వచ్చిన మొదటి మెయిలే. దాన్ని ఇంకోసారి తవ్వినా నీళ్ళు పడవు. వారం దాకా ఏమీ రాకపోతే రెండు లైన్ల రిమైండర్ ఒకటి పంపొచ్చు, రెండోది పంపితే మీ పేరు ఆమెకు వేరే విధంగా గుర్తుంటుంది.

ఇంకో సంగతి. ఇంటర్వ్యూ దాకా వెళ్ళకుండా రెజ్యూమె దగ్గరే ఆగిపోయినవారు ఈ విద్యను ప్రయోగించి లాభం లేదు. మీ గురించి ఎవరూ ఏ ఫారమూ నింపలేదు, చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కొన్ని కంపెనీలైతే ఎవరికీ ఫీడ్‌బ్యాక్ చెప్పకూడదని రూలు పెట్టుకుంటాయి. అలా చెబితే థాంక్స్ చెప్పి ఊరుకోవడమే. ఇంటర్వ్యూ చేసిన ఇంజనీరుకు చాటుగా మెసేజ్ పెట్టడం మాత్రం వద్దు. చాలాచోట్ల వాళ్ళు అభ్యర్థులతో ఫలితం గురించి మాట్లాడకూడదు. ఆయన దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఆ రిక్రూటర్‌కే పంపుతాడు.

మేనల్లుడు ఇప్పుడు ఏ డిజైన్ ప్రశ్న ఇచ్చినా మొదటి ఐదు నిమిషాలు ఎదురు ప్రశ్నలే వేస్తున్నాడట. మా బావకు మాత్రం ఆ మెయిల్ మీద ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. "ప్రశ్నలు అడగలేదని ఉద్యోగం ఇవ్వకపోవడం ఏంట్రా? మా ఆఫీసులో అడిగినవాడిని కదా పాడేరు ట్రాన్స్‌ఫర్ చేసింది" అంటాడు.